లిఫ్టు బాబాయి ఎక్స్‌రే

ఆవిడ కోపం గురించి ముందు చెప్పుకోవాలి. అది చెప్పకపోతే తక్కిన కథంతా చప్పగా ఉంటుంది. యాభై ఏడేళ్ల మనిషి, పొట్టిగా, బక్కగా, తెల్లకోటు జేబులో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ స్కేలు వేసుకుని తిరిగే ఎక్స్‌రే డాక్టరు. బోధనాసుపత్రి మూడో అంతస్తులో వైద్య విద్యార్థులకు ఛాతీ ఎక్స్‌రే చదవడం నేర్పేది. అందరికీ కోపం ముక్కుమీద ఉంటుందంటారు. ఈవిడకి నాలుక చివరే కాపురం ఉండేది. ఆలస్యంగా వచ్చినవాడి మీద కోపం, తొందరగా వచ్చి గుమ్మంలో నిలబడినవాడి మీద కోపం, ఫిల్మ్‌ని వేలిముద్రలు పడేలా పట్టుకున్నవాడి మీద ఇంకా కోపం.

విద్యార్థులు ఆవిడకి వరస మేడమ్ అని పేరు పెట్టారు. ఊరికే పెట్టలేదు. ఫిల్మ్‌ని లైట్ బాక్స్ మీద పెట్టగానే కళ్లు నేరుగా జబ్బు మీదికి ఉరుకుతాయి కదా, ఆ ఉరకడం ఆవిడకి గిట్టేది కాదు. ముందు పేరు చూడాలి, తారీఖు చూడాలి, ఎడమో కుడో చెప్పే అక్షరం చూడాలి. తర్వాత ఆ ఫిల్మ్ నమ్మదగిందో కాదో తేల్చుకోవాలి. మనిషి తిన్నగా నిలబడ్డాడా, నిండా ఊపిరి పీల్చాడా, ఫిల్మ్ మరీ నల్లగా గానీ తెల్లగా గానీ రాలేదు కదా అని. అప్పుడు గాలిగొట్టం, అది మధ్యలో ఉందా, ఎటైనా జరిగిందా. ఆ తర్వాతే ఊపిరితిత్తులు. పైభాగం, మధ్యభాగం, కిందిభాగం, ప్రతిదీ కుడిని ఎడమతో పోల్చుకుంటూ దిగాలి. గుండె, దాని కింద డయాఫ్రమ్, ఎముకలు, ఇవన్నీ అయ్యేదాకా జబ్బు పేరు ఎవరి నోటా రాకూడదు. వచ్చిందా, ఆవిడ టక్కున లైట్ ఆర్పేసేది.

"అయిపోయిందా నీ వైద్యం? ఇంటికెళ్లి పడుకో నాయనా. రోగి సంగతి ఇంకెవరైనా చూసుకుంటారులే" అనేది.

ఈ పట్టుదల వెనక ఒక పాత దెబ్బ ఉంది. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో బండి మీంచి పడ్డ ఒకాయన ఫిల్మ్ చూసింది. పక్కటెముకలు రెండు విరిగి కళ్లకి కొట్టొచ్చినట్టు కనిపించాయి. ఆహా పట్టేశాననుకుని అక్కడితో ఆగిపోయింది. ఊపిరితిత్తి అంచు ఛాతీగోడని వదిలేసి లోపలికి జరిగి ఉండటం, ఆ మధ్యలో గాలి చేరి ఉండటం చూడలేదు. మధ్యాహ్నానికి ఆ మనిషి ఊపిరాడక నీలమెక్కిపోయాడు. పెద్ద డాక్టరు పరిగెత్తుకొచ్చి ఛాతీలోకి గొట్టం వేసి బతికించాడు. తర్వాత ఈవిడ వైపు తిరిగి, "విరిగిన ఎముక దొరగ్గానే నీ కళ్లు పని మానేశాయి" అన్నాడు. ముప్పై మూడేళ్లయింది. ఆ మాట ఆవిడ ఒంట్లోంచి పోలేదు. ఒకటి దొరగ్గానే వెతకడం మానేసే కళ్లని, అవి ఎవరివైనా సరే, ఆవిడ క్షమించేది కాదు.

క్లాసులో ఆవిడకి బాగా ఇష్టమైన ఫిల్మ్ ఒకటుంది. ఆ ఆసుపత్రి లిఫ్టు నడిపే ఆయనది. విద్యార్థులు ఆయన్ని లిఫ్టు బాబాయి అని పిలిచేవాళ్లు. ఏడాదిన్నర కిందట ఆయనకి నెమ్ము చేసి వారం రోజులు మంచాన పడ్డాడు. ఫిల్మ్‌లో కుడి ఊపిరితిత్తి కిందిభాగంలో దూది కూరినట్టు తెల్లగా, స్పష్టంగా ఉంది న్యుమోనియా. అంత చక్కని ఫిల్మ్ పాఠం చెప్పడానికి మళ్లీ దొరకదని ఈవిడ ఆయన్నే అడిగింది, క్లాసులో చూపించుకోవచ్చా అని. ఆయన పొంగిపోయాడు. ఇంటికెళ్లి పెళ్లానికి చెప్పాడు, బావమరిదికి ఫోన్ చేసి చెప్పాడు. లిఫ్టులో కొత్త విద్యార్థులు ఎక్కితే చాలు, "మూడో అంతస్తుకేనా? నా ఊపిరితిత్తులు చదవడానికేనా? వెళ్లండి వెళ్లండి, బాగా చదవండి" అనేవాడు.

వరస మేడమ్ రోజుకి నాలుగుసార్లు ఆ లిఫ్టు ఎక్కేది, నాలుగుసార్లు దిగేది. ఆయన్ని చూసి విసుక్కోని మనిషి ఆవిడ ఒక్కతే అని ఆసుపత్రిలో చెప్పుకునేవాళ్లు. నిజానికి ఆయనకి వాగుడెక్కువ. అయినా ఆ వాగుడు ఆవిడకి ఎందుకో బాగుండేది.

ఆ రోజు ఉదయం పదకొండింటికి కొత్త బ్యాచ్ వచ్చింది, పదిమంది. అందులో ఒక అమ్మాయిని తోటివాళ్లు నత్త అని పిలిచేవాళ్లు. భోజనం నిదానం, నడక నిదానం, జవాబు మరీ నిదానం. ప్రశ్న అడిగితే ఆ పిల్ల నోరు తెరిచేలోపు పక్కవాళ్లు మూడు జవాబులు చెప్పేసేవాళ్లు. ఆ పిల్లని చూస్తేనే మేడమ్‌కి ఒళ్లు మండేది. చెప్పిన వరసని ఒక్క మెట్టు తప్పకుండా పాటించే విద్యార్థి ఆ పదిమందిలో ఆ పిల్ల ఒక్కతే. ఆవిడ కోపానికి మాత్రం అది కనబడేది కాదు, నిదానమే కనబడేది.

"నువ్వు రా. ఈ ఫిల్మ్ చదువు. సాయంత్రంలోపు అవ్వాలి సుమా" అంది.

అందరూ నవ్వారు. ఆ పిల్ల లిఫ్టు బాబాయి ఫిల్మ్ వెలుగుతున్న లైట్ బాక్స్ ముందుకొచ్చి నిలబడింది.

"పేరు కనబడకుండా స్టిక్కరు అంటించి ఉంది మేడమ్. తారీఖు కనిపిస్తోంది. ఎల్ అక్షరం రోగి ఎడమవైపే ఉంది" అంది. కాసేపాగి, "తిన్నగా నిలబడ్డాడు మేడమ్. రెండు కాలర్‌బోన్‌ల లోపలి కొసలూ వెన్నుకి సమానమైన దూరంలో ఉన్నాయి. ముందువైపు పక్కటెముకలు ఆరు లెక్కపెట్టాను, నిండా ఊపిరి పీల్చాడు. గుండె వెనక వెన్నుపూసలు లీలగా తెలుస్తున్నాయి, ఫిల్మ్ బాగానే వచ్చింది."

"సరే సరే, కానీ."

"గాలిగొట్టం మధ్యలోనే ఉంది. రెండుగా చీలే చోటు కనిపిస్తోంది. ఇప్పుడు ఊపిరితిత్తులు. పైభాగం..."

అక్కడ ఆగిపోయింది. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, మళ్లీ కుడివైపు చూసింది. గోడగడియారం ముల్లు కదిలింది. వెనకెవరో గట్టిగా ఆవలించారు.

మేడమ్‌కి ఓపిక చచ్చింది. "ఏం తల్లీ, అక్కడే కాపురం పెడతావా? కింద న్యుమోనియా పాపం నీకోసం కాచుక్కూర్చుంది!"

క్లాసంతా ఘొల్లుమంది. జబ్బు పేరు ముందే పలికింది ఆవిడే అని ఎవరికీ తట్టలేదు, ఆవిడక్కూడా తట్టలేదు. ఆ పిల్ల నవ్వలేదు.

"నేనింకా కిందికి రాలేదు మేడమ్. ఇక్కడ కుడి కాలర్‌బోన్ వెనక గాలి నిండి నల్లగా, మామూలుగా ఉంది. ఎడమవైపు అంత నల్లగా లేదు. అటే గుండ్రంగా ఏదో ఉంది."

"మొదటి పక్కటెముక మృదులాస్థితో కలిసే చోటు అది! వయసు మీరినవాళ్లకి అక్కడ ముద్దగా కనిపిస్తుంది. పుస్తకం తెరిచిన పాపాన పోయావా?"

ఆ పిల్ల చూపిస్తున్న వేలు తీయలేదు. "కలిసే చోటు ఇది మేడమ్, ఇక్కడ. ఆ గుండ్రంది దీనికి పైన, విడిగా ఉంది. కుడివైపు అలాంటిదేం లేదు."

మేడమ్ విసురుగా లేచి వచ్చింది, ఆ పిల్లని పక్కకి తోసినంత పని చేసి. ముక్కు ఫిల్మ్‌కి ఆనేంత దగ్గరగా వంగింది. నోట్లో సిద్ధంగా ఉన్న తిట్టు నోట్లోనే ఉండిపోయింది. కాలర్‌బోన్ చాటున, సగం దాక్కుని, మసకగా ఒక గుండ్రటి నీడ. జేబులోంచి స్కేలు తీసి పెట్టి చూసింది. ఒకటిన్నర సెంటీమీటరు.

"క్లాసు అయిపోయింది. అందరూ బయటికి" అంది.

ఎవరూ కదల్లేదు. "బయటికన్నానా!" అని అరిచింది. కుర్చీలు గరగరలాడాయి. నత్త బిక్కమొహం వేసుకుని అందరికంటే చివర వెళ్లింది, తానేదో తప్పు చేశాననుకుని.

మెట్ల మీదుగా దిగి కింద తన గదికెళ్లి తలుపేసుకుంది మేడమ్. కంప్యూటర్‌లో ఆయన పాత ఫిల్ములు రెండూ తెరిచింది. ఒకటి నెమ్ము చేసినప్పటిది. రెండోది ఆరువారాల తర్వాత, తగ్గిందో లేదో చూడటానికి తీసింది. రెండిట్లోనూ ఆ నీడ ఉంది. రెండు రిపోర్టుల కిందా తన సంతకం ఉంది. మొదటిదాంట్లో, కుడివైపు కింద న్యుమోనియా, తక్కిన ఊపిరితిత్తులు మామూలుగా ఉన్నాయి అని రాసింది. రెండోదాంట్లో, న్యుమోనియా పూర్తిగా తగ్గింది అని ఒక్క ముక్క. తగ్గిందా లేదా అన్నదొక్కటే చూసి సంతకం గీకేసింది.

అప్పుడు వచ్చింది ఆవిడకి కోపం. ఇన్నేళ్లుగా విద్యార్థుల మీద చూపించిందంతా ఏ మూలకీ చాలదు. తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. సిగ్గులేనిదానా, ఊరందరికీ వరస చెప్పి నువ్వు తప్పావా? అదీ ఒక్కసారి కాదు. పదిహేడు బ్యాచులు, నూట డెబ్బైమంది ముందు ఆ ఫిల్మ్ వేలాడదీసి, జవాబు నీకు ముందే తెలుసు కాబట్టి ఒక్కసారైనా పైనుంచి చూడకుండా, చేతులూపుకుంటూ పాఠం చెప్పావా?

వెంటనే లిఫ్టు దగ్గరికెళ్లింది. బాబాయి స్టూలు మీద కూర్చుని బెల్టు సవరించుకుంటున్నాడు.

"రండి మేడమ్. ఈ బ్యాచ్ వాళ్లు నా నెమ్ము కనిపెట్టారా?" అన్నాడు.

"దగ్గుందా నీకు?"

"పొద్దున్నే కాస్త గొంతు గరగరలాడుతుంది, అంతే."

"సన్నబడ్డావా?"

ఆయన నవ్వి బెల్టు చూపించాడు. కొత్తగా పొడిచిన చిల్లు. "మా ఆవిడ సంబరపడుతోంది మేడమ్, పొట్ట తగ్గిందని."

"లే. లిఫ్టు ఆపేసి నాతో రా. ఎక్స్‌రే తీయాలి."

కొత్త ఫిల్మ్ పది నిమిషాల్లో వచ్చింది. ఈసారి స్కేలు పెట్టే పనే లేదు. మూడు సెంటీమీటర్లు దాటింది.

విభాగానికి పెద్దాయన ఒకడున్నాడు, మాట మెత్తన, కుర్చీ ఇంకా మెత్తన. మేడమ్ మూడు ఫిల్ములూ ఆయన బల్ల మీద పరిచి జరిగింది చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"కొత్త ఫిల్మ్‌లో కనబడింది కదమ్మా. కొత్తగా కనబడిందని చెప్పండి. పాతవి తవ్వి తలకెత్తుకోవడం ఎందుకు? కాలర్‌బోన్ వెనకది ఎవరికైనా తప్పిపోతుంది. మీకు మూడేళ్లలో రిటైర్మెంటు."

"ఎవరికైనా తప్పిపోతుందా? ఎక్కడెక్కడ తప్పిపోతుందో అక్కడ రెండోసారి చూడమని చెప్పేది నేనే కదండీ! ఊపిరితిత్తుల కొసలు, కాలర్‌బోన్ వెనక, గుండె వెనక, డయాఫ్రమ్ చాటున. నిన్న కూడా చెప్పాను. నోటితో చెప్పాను, కళ్లతో చేయలేదు."

"అరవకండమ్మా."

"అరుస్తాను. ఆ మనిషి అరవాల్సింది కూడా నేనే అరుస్తాను. మీరు మాత్రం దీన్ని దుప్పటి కప్పి దాచమని నాకు చెప్పకండి."

తన గదికొచ్చి పాత రిపోర్టులు రెండిటికీ ఆ రోజు తారీఖుతో సవరణ రాసింది. ఎడమ కాలర్‌బోన్ వెనక నీడ ఉంది, అప్పుడు నేను చూడలేదు అని తేటతెల్లంగా రాసి సంతకం పెట్టింది. తర్వాత బాబాయిని పిలిపించి ఎదురు కుర్చీలో కూర్చోబెట్టింది. వంకరటింకర మాటలు ఆవిడకి రావు.

"నీ ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో ఒక గడ్డ ఉంది. ఏమిటో సీటీ తీసి, ముక్క తీసి పరీక్ష చేస్తే తేలుతుంది. క్యాన్సర్ కావచ్చు. ఇంకో మాట కూడా ఉంది. అది ఏడాదిన్నర కిందటే ఉంది. అప్పుడు చిన్నది. నేను చూడలేదు. తప్పు నాది."

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఏ ఫిల్మ్‌లో మేడమ్? క్లాసులో ఉండే నా ఫిల్మ్‌లోనా?"

"అవును."

"అందరూ చూసేదాంట్లోనా?"

"అవును."

"ఎంతమంది చూశారు?"

"నూట డెబ్బైమంది."

ఆయన లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. "నూట డెబ్బైమంది డాక్టర్లకి చూపించారు, ఒక్కళ్లకీ కనబడలేదా? అంతమందీ గుడ్డివాళ్లేనా?"

"వాళ్లు కాదు. నేనే వాళ్ల చూపంతా నెమ్ము మీదికి తిప్పాను."

"రోజుకి నాలుగుసార్లు నా లిఫ్టు ఎక్కారు మేడమ్! నాలుగుసార్లు! నేను వెర్రివెధవలా నా ఊపిరితిత్తులు చదవండని పిల్లల్ని పిలిచి మరీ పంపించాను. గొప్పగా చెప్పుకున్నాను అందరికీ. మా బావమరిదికి ఫోన్ చేసి చెప్పుకున్నాను!" దగ్గొచ్చింది. దగ్గుతూనే వేలు చూపించాడు. "మీరు కోపిష్టివాళ్లు, పనిలో మాత్రం దేవతని అందరితో అన్నానే నేను!"

ఆవిడ తల దించుకోలేదు, కన్నీళ్లు పెట్టుకోలేదు. అది తన బాధ చెప్పుకునే చోటు కాదని తెలుసు. ఆయన తలుపు ధడాలున వేసి వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం లిఫ్టు తిరగలేదు. స్ట్రెచర్ల మీద రోగుల్ని మోసుకుంటూ మెట్లెక్కిన వార్డు మనుషులు అందరినీ తిట్టుకున్నారు.

సీటీకి ఆయన వెంట ఆవిడే వెళ్లింది. ఆయన మాట్లాడలేదు. ముక్క తీసే రోజున కూడా వెళ్లింది, అప్పుడూ మాట్లాడలేదు. క్యాన్సరేనని తేలింది. ఇంకెక్కడికీ పాకలేదు. ఎడమ ఊపిరితిత్తి పైభాగం మొత్తం తీసేస్తే బతికే అవకాశం ఉందన్నాడు ఆపరేషన్ డాక్టరు. నిరుడే దొరికి ఉంటే అవకాశం ఇంకా మెరుగ్గా ఉండేదని కూడా అన్నాడు, బాబాయి పెళ్లాం గుచ్చిగుచ్చి అడిగితే. ఆ మాట విన్నాక ఆ ఇల్లాలు వరస మేడమ్ వైపు ఒక్కసారి చూసింది. తిట్టినా బాగుండేది.

ఆపరేషన్‌కి ముందురోజు మూడో అంతస్తులో క్లాసు జరుగుతోంది. తలుపు తోసుకుని బాబాయి వచ్చాడు, ఆసుపత్రి గౌనులో, వెనకే పెళ్లాం. విద్యార్థులు గబగబా లేచారు.

"నా ఫిల్మ్ పెట్టండి" అన్నాడు.

"తీసేశాను. ఇక దాన్ని క్లాసులో వాడను" అంది మేడమ్.

"ఇన్నాళ్లూ నేను లేకుండా చదివారు. ఇవాళ నేనుండగా చదవండి. వాళ్లు కాదు, మీరు."

ఆవిడ బీరువాలోంచి ఫిల్మ్ తీసి లైట్ బాక్స్ మీద పెట్టింది. "పేరు మీద స్టిక్కరు ఉంది" అని మొదలుపెట్టబోయింది. ఆయన ముందుకొచ్చి గోటితో ఆ స్టిక్కరు పీకేశాడు. ఆవిడ ఆయన పేరు బయటికి చదివింది. తారీఖు చదివింది. ఎడమా కుడీ సరిచూసింది. గాలిగొట్టం దాకా ఆగకుండా చదివింది. ఊపిరితిత్తులు, పైభాగం, కుడివైపు నల్లగా, శుభ్రంగా ఉంది అంది. ఎడమవైపు కాలర్‌బోన్ దగ్గర ఆగింది.

"ఇక్కడ నీడ ఉంది. ఒకటిన్నర సెంటీమీటరు. నేను చూడలేదు" అంది. అని అక్కడే నిలబడిపోయింది.

"ఆగారేం? అది దొరికింది కదాని ఆగిపోతారా? ఇంకా ఉంది కదా, చదవండి!" అని గద్దించాడు ఆయన.

ఆవిడ ఉలిక్కిపడింది. కిందికి దిగింది. మధ్యభాగం, కిందిభాగం, నెమ్ము, గుండె, డయాఫ్రమ్, ఒక్కో పక్కటెముకా, భుజాల ఎముకలూ, ఏదీ వదల్లేదు. పావుగంట పట్టింది.

అయ్యాక ఆయన, "మీ మీద నా కోపం పోలేదు మేడమ్. పోతుందని చూడకండి" అన్నాడు. "రేపు నన్ను కోసే ఆయన చేత కూడా ఇలాగే చదివించండి. కత్తి పట్టుకోకముందే. మీరు దగ్గరుండి చదివించాలి."

"చదివిస్తాను" అంది.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి ఆపరేషన్ థియేటర్‌లో బాబాయి మత్తులోకి జారుకున్నాడు. డాక్టరు మాస్కు కట్టుకుంటూ హడావిడిగా వచ్చాడు. గోడ మీద కొత్త ఫిల్మ్, సీటీ వెలుగుతున్నాయి. వాటికి అడ్డంగా వరస మేడమ్ నిలబడి ఉంది.

"చూశానండీ అవన్నీ, నిన్ననే చూశాను. ఎడమ పైభాగం. ఇంకో రెండు కేసులున్నాయి, జరగండి" అన్నాడాయన.

"ఎక్కడుందో నాకూ తెలుసు. పేరు దగ్గర్నుంచి చదవండి."

"మేడమ్, ఇక్కడ మీ క్లాసేమిటండీ!"

"చదివితేనే జరుగుతాను!" అని అరిచింది ఆవిడ. మత్తుడాక్టరు తలెత్తి చూశాడు, నర్సు చేతిలో ట్రే గలగలలాడింది. ఆవిడ కదల్లేదు. డాక్టరు గడియారం వైపు చూశాడు, ఆవిడ మొహం చూశాడు, ఫిల్మ్ దగ్గరికొచ్చి రోగి పేరు పైకి చదవడం మొదలుపెట్టాడు.